ఫోన్ ఎత్తలేని రోజు ఏం జరుగుతుందో చూడండి

"అక్కా, మాది గుత్తి దగ్గర పల్లె. అనంతపురంలో ఒక ల్యాబ్‌లో పని చేస్తాను, హాస్టల్లో ఉంటాను. నిశ్చితార్థమై రెండు నెలలైంది, పెళ్లి మాఘమాసంలో. ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. రోజుకు పది పదిహేనుసార్లు ఫోన్ చేస్తారు, ఎక్కడున్నానో ఫొటో తీసి పంపమంటారు. రూమ్మేట్లు 'ఎంత ప్రేమో' అంటున్నారు. నాకేమో ఫోన్ మోగితే గుండె దడదడమంటుంది. ఇది ప్రేమేనా, లేక నేనే ఎక్కువగా ఆలోచిస్తున్నానా?"

తల్లీ, నువ్వు రాసినదాంట్లో నేను రెండోసారి ఆగి చదివిన మాట ఆ గుండె దడ.

అనంతపురంలో కుటుంబ కౌన్సెలింగ్ పనిలో పదహారేళ్లుగా ఉన్నాను. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఉండే ఈ నాలుగైదు నెలల్లో నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు చాలా తక్కువ. పెళ్లయిన రెండేళ్లకో, చంకన బిడ్డ వచ్చాకో వస్తారు. "మొట్టమొదట ఎప్పుడు నీకు ఏదో తేడాగా ఉందనిపించింది?" అని అడిగితే మాత్రం ఎక్కువమంది ఈ నాలుగైదు నెలల సంగతులే చెబుతారు. ఆ రోజు చెప్పుకోవడానికి మనిషి లేక ఊరుకున్నామంటారు. నువ్వు ఊరుకోకుండా అడిగావు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఫోన్లు లెక్కపెడితే ఏమీ తేలదు. కొత్తగా కుదిరిన జంట అర్ధరాత్రి దాకా మాట్లాడుకోవడం మామూలే. నేను అడిగేది వేరే. పనిలో ఉండి నువ్వు ఫోన్ ఎత్తలేదనుకో, ఆ సాయంత్రం ఏం జరుగుతుంది?

ఒకసారి ఒక అమ్మాయి నీలాగే వచ్చింది. అబ్బాయి రోజూ పొద్దున ఆమె బస్సెక్కినప్పుడు, దిగినప్పుడు ఫోన్ చేసేవాడు. వాళ్ల నాయన రోడ్డు ప్రమాదంలో పోయాడట, అప్పటినుంచి ఆ భయం. ఆమె అతనితో, "దిగగానే నేనే మెసేజ్ పెడతా, డ్యూటీలో మాత్రం ఎత్తలేను" అని చెప్పింది. అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, సరేనన్నాడు, ఆ మాట మీదే ఉన్నాడు. రెండు నెలల తర్వాత కూడా మెసేజ్ వస్తే చాలు, మళ్లీ ఫోన్ చేసేవాడు కాదు. అది ఆందోళన. మనిషి క్షేమంగా చేరిందని తెలిస్తే చల్లబడిపోయింది. ఆ పెళ్లికి నేనేమీ అడ్డు చెప్పలేదు.

ఇంకో అమ్మాయి సంగతి పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎలా మొదలై ఎలా ముదురుతుందో అందులో మెట్టు మెట్టుగా కనబడుతుంది. పేరు, కొన్ని గుర్తులు మార్చాను. రమ అనుకుందాం. తాడిపత్రి వైపు పిల్ల, ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. సంబంధం ప్రొద్దుటూరుది, అబ్బాయి హైదరాబాదులో పని చేస్తాడు. నిశ్చితార్థం శ్రావణంలో, పెళ్లి ఫాల్గుణంలో పెట్టుకున్నారు.

మొదటి వారంలోనే "నీ గురించి టెన్షన్ పడుతుంటాను, లొకేషన్ షేర్ చెయ్యి" అన్నాడు. ఆమెకు ముచ్చటేసింది, చేసింది. మూడో వారానికి లొకేషన్ చాల్లేదు, ఫొటో కావాలన్నాడు. బోర్డు ముందు నిలబడి ఫొటో తీసి పంపేది. ఒక ఫొటోలో వెనక ఎవరిదో భుజం కనబడింది. "ఎవరది?" అని అడిగాడు. పీఈటీ సారని చెప్పింది. మర్నాడు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో మగవాళ్లు ఎందరున్నారో అడిగాడు. ఆ వారాంతానికి ఆమె గ్రూపు నుంచి బయటికొచ్చేసింది. టైంటేబుల్ మార్పులన్నీ ఆ గ్రూపులోనే వస్తాయి కాబట్టి తోటి టీచరును బతిమాలుకుని విడిగా పంపించుకునేది. ఆ తర్వాత షేర్ ఆటో మానేసి నడిచి వెళ్లడం మొదలైంది. ఆదివారాలు తాడిపత్రికి పోవడం కూడా తగ్గింది. అక్కడ ఇంట్లో సిగ్నల్ సరిగా రాదు, వీడియో కాల్ మధ్యలో తెగితే రాత్రంతా రుసరుసలు.

అర్ధ సంవత్సర పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్‌కి వెళ్తూ ఫోను ఆఫీసు గదిలో పెట్టాల్సి వచ్చింది. మూడు గంటల తర్వాత తీసి చూస్తే 41 మిస్డ్ కాల్స్. సాయంత్రం ఒకే మాటన్నాడు, "నీ మీద నమ్మకం పోయింది" అని. మూడు రోజులు ఫోన్ ఆపేశాడు. నాలుగో రోజు రాత్రి బస్సులో వచ్చి, ధర్మవరం చీర చేతికిచ్చి, సప్తగిరి సర్కిల్ దగ్గర బేకరీలో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఈమె కూడా ఏడ్చి, తప్పు తనదేనని ఒప్పుకుంది. మరుసటి వారం హెడ్‌మాస్టరు దగ్గరికి పోయి తనను ఇన్విజిలేషన్ నుంచి తప్పించమని అడిగింది.

ఆ వరసను చూడు. ఒక షరతు, అది తప్పితే ఒక శిక్ష, శిక్ష తర్వాత ఒక బుజ్జగింపు, బుజ్జగింపు చల్లారకముందే ఇంకో షరతు. చీర అబద్ధమనీ కన్నీళ్లు నాటకమనీ నేననను, నిజంగానే ఏడ్చి ఉంటాడు. కానీ ఆ ఏడుపు తర్వాత ఏ షరతూ రద్దు కాలేదు. పైగా ఒకటి పెరిగింది. క్షమాపణ తర్వాత నీకు పోయినవాటిలో ఏదైనా తిరిగి వచ్చిందా అనేదే నేను చూస్తాను.

రమను నా దగ్గరికి తోటి టీచరే తీసుకొచ్చింది, నిద్ర పట్టడం లేదని. కొట్టలేదు, తిట్టలేదు, "ఆయన మంచివాడే మేడం" అంటోంది. ఆమె చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. ఒక వైపు, నిశ్చితార్థం నుంచి ఆపేసిన పనులు. రెండో వైపు, ఆపమన్నప్పుడు అతను వాడిన మాట, ఉన్నదున్నట్టు. మర్నాడు రాసుకొచ్చింది. స్టాఫ్ గ్రూపు, షేర్ ఆటో, ఆదివారం తాడిపత్రి, స్లీవ్‌లెస్ కాదు మామూలు పొట్టి చేతుల జాకెట్టు కూడా, మేనబావతో మాట, ఇలా తొమ్మిది పనులు. రెండో వైపు చూసి ఆమే ఆశ్చర్యపోయింది. ఎక్కడా "వద్దు" అనే మాట లేదు. ఆరుచోట్ల ఉన్నది ఒకటే: "నీ ఇష్టం."

ఇది బాగా గుర్తుపెట్టుకో. అదిమిపెట్టే మనిషి గట్టిగా అరుస్తాడని, ఆజ్ఞలు వేస్తాడని మనం అనుకుంటాం. మొదట్లో చాలామంది అలా ఉండరు. "పో, నీ ఇష్టం" అంటారు. పోయొచ్చాక రెండు రోజులు మాట్లాడరు. నాలుగుసార్లు అలా జరిగాక అడగకుండానే నువ్వే మానేస్తావు. అప్పుడు అడిగితే "నేను ఎప్పుడైనా వద్దన్నానా?" అంటాడు. అది నిజం కూడా, అందుకే నీకు బదులు దొరకదు, తప్పు నీదే అనిపిస్తుంది.

తర్వాత ఒక చిన్న పని చేయించాను. పెద్ద గొడవ కాకుండా, న్యాయమైన ఒక్క "కాదు" చెప్పమన్నాను. ఆమె పెట్టిన మెసేజ్ ఇది: "స్కూల్ టైమ్‌లో తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా లొకేషన్ ఆపేస్తున్నా. ఐదింటికి నేనే ఫోన్ చేస్తా." దాని తర్వాత మూడు వారాలు ఏం జరుగుతుందో తేదీ వేసి రాయమన్నాను. మూడు వారాలని ఎందుకన్నానంటే మొదటి మూడు రోజులు ఎవరైనా మంచిగా ఉండగలరు, ఎవరైనా అలగగలరు కూడా. ఒక హెచ్చరిక: ఈ పరీక్ష మనిషి వేరే ఊళ్లో ఉండి, నీ పక్కన నీవాళ్లు ఉన్నప్పుడే. ఒకే ఇంట్లో ఉంటూ, చెయ్యి చేసుకునే మనిషి మీద ఇది ప్రయోగించకూడదు.

మొదటి రోజు "సరే, నీ ఇష్టం" అన్నాడు. రెండో రోజు ఐదింటికి ఆమె చేస్తే ఎత్తలేదు. నాలుగో రోజు వాళ్ల నాయనకు ఫోన్ చేసి "మీ అమ్మాయి మారిపోయింది మామా, ఎవరో చెప్పిచ్చినట్టుంది" అన్నాడు. ఆరో రోజు హెడ్‌మాస్టరు నంబరు సంపాదించి, ఆమె క్లాసులో ఉందా అని ఆయన్నే అడిగాడు. పదో రోజు "నువ్వు ఇట్లుంటే నేను బతికి ఏం లాభం" అని మెసేజ్. నాలుగున్నర దాకా లొకేషన్ ఆపడం అనే ఇంత చిన్న సంగతికి ఇది. మూడు వారాలు ఆగాల్సిన పని కూడా లేకపోయింది.

ఇంతలో ఇంకోటి బయటపడింది. తోటి టీచరుకు మాత్రమే పంపిన ఒక మెసేజ్‌లోని మాట అతని నోట వచ్చింది. నేను ఆమె ఫోనులో వాట్సాప్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, Linked devices చూడమన్నాను. ఆమెది కాని ఒక కంప్యూటర్ అందులో ఉంది. బేకరీలో కూర్చున్న రోజు "ఫొటోలు చూస్తా ఇవ్వు" అని పది నిమిషాలు ఫోను తీసుకున్నాడు, అప్పుడే కలుపుకున్నాడు. నువ్వూ ఒకసారి అక్కడ చూసుకో. గూగుల్ మ్యాప్స్‌లో నీ బొమ్మ మీద నొక్కితే Location sharing అని వస్తుంది, ఎవరికి కనబడుతున్నావో అందులో ఉంటుంది. జీమెయిల్ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పి ఉంటే అది కూడా మార్చాలి. అయితే ఒక మాట, తీసేసిన వెంటనే అవతలివాడికి తెలిసిపోతుంది. అందుకే ముందు స్క్రీన్‌షాట్ తీసి నమ్మకమైన మనిషికి పంపి, ఆ తర్వాత తీసెయ్యి.

ఇంట్లో చెప్పడం దగ్గర చాలామంది ఓడిపోతారు. రమ మొదటిసారి "ఆయనకు అనుమానం ఎక్కువ నాయనా" అంది. "మగోడన్నాక ఆ మాత్రం ఉంటుందిలే, పెళ్లయితే సర్దుకుంటుంది" అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. వేరుశనగ అమ్మిన డబ్బుతో మండపానికి అడ్వాన్సు కట్టాడు, చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. రెండోసారి ఆమె అనుమానమనే మాటే ఎత్తలేదు. నోట్‌బుక్ తెరిచి తేదీలు చదివింది. మూడు గంటల్లో 41 ఫోన్లు, హెడ్‌మాస్టరుకు చేసిన ఫోను, కంప్యూటర్‌లో కలుపుకున్న వాట్సాప్. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "హెడ్‌మాస్టరుకు కూడా చేసినాడా?" అని ఒక్కటే అడిగాడట. స్వభావం గురించి చెబితే పెద్దవాళ్లు సర్దిచెబుతారు. జరిగిన పని చెబితే వింటారు, కనీసం ఆలోచిస్తారు. నాయన వినకపోతే చిన్నాయనకో, అత్తకో, ఇంట్లో మాట చెల్లే మనిషికి చెప్పు.

ఆ సంబంధం వద్దనుకున్నారు. ఇద్దరు పెద్దమనుషుల ముందు, పెట్టిన నగలు, చీరలు పట్టీ రాసి వెనక్కిచ్చి సంతకాలు తీసుకున్నారు. అతను "చివరిసారి ఒక్కసారి కలుద్దాం, మాట్లాడాలి" అన్నాడు. వెళ్లొద్దని గట్టిగా చెప్పాను. విడిపోయే రోజులే అన్నింటికన్నా ప్రమాదమైనవి. చేతిలో ఉన్నది జారిపోతోందని అప్పుడే తెలుస్తుంది. ఆమె ఒకే ఒక మెసేజ్ పెట్టింది: "ఈ సంబంధం నాకు ఇష్టం లేదు. ఇకమీదట నాకు ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయవద్దు." దాన్ని దాచుకుంది, ఆ తర్వాత దేనికీ బదులివ్వలేదు.

ఆ మెసేజ్‌కు చట్టంలో విలువుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, ఇష్టం లేదని ఆడమనిషి స్పష్టంగా చెప్పాక కూడా పదేపదే వెంటపడి మాట కలపాలని చూడటాన్ని, ఆమె ఫోను, ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడాన్ని నేరమంటుంది. మొదటిసారికి మూడేళ్లదాకా శిక్ష ఉంది. "స్పష్టంగా చెప్పాక" అన్నది తర్వాత రుజువు చేయడానికి ఆ ఒక్క మెసేజ్ పనికొస్తుంది. అతను వేరే రాష్ట్రంలో ఉన్నాడని స్టేషన్‌లో వెనక్కి పంపబోతే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగొచ్చు. ఏ ఊరి స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తే స్టేషన్‌తో పాటు cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. రమకు కొత్త కొత్త నంబర్ల నుంచి నెలపాటు ఫోన్లు వచ్చాయి. నోట్‌బుక్, స్క్రీన్‌షాట్లు తీసుకుని ఫిర్యాదు ఇచ్చింది, అతన్ని పిలిపించాక ఆగాయి.

గృహహింస చట్టం గురించి చాలామంది అడుగుతారు. 2005 నాటి ఆ చట్టం ఒకే ఇంట్లో కలిసి ఉన్నవాళ్లకు, లేదా ఒకప్పుడు ఉన్నవాళ్లకు. నిశ్చితార్థం మాత్రమే అయి విడివిడిగా ఉన్నవాళ్లకు వర్తించదు. పెళ్లయినవాళ్లు ఇది చదువుతుంటే మాత్రం తెలుసుకోండి, ఆ చట్టంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. మాటలతో, మనసును నలిపి పెట్టే హింస, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం కూడా అందులో ఉన్నాయి. 181కి ఫోన్ చేస్తే సఖి వన్ స్టాప్ సెంటర్‌కు కలుపుతారు. అక్కడ కొన్ని రోజులు తలదాచుకోవడానికి చోటు కూడా ఉంటుంది. రక్షణాధికారి ద్వారా మెజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు పెట్టవచ్చు.

ఇద్దరినీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయిస్తే సరిపోతుందని పెద్దవాళ్లు అంటే, ఒక్క విషయం చెప్పాలి. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు భార్యాభర్తలిద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టేదాన్ని. ఒకామె నేను అడిగిన ప్రతిదానికీ ముందు అతని ముఖం చూసి, తర్వాత బదులిచ్చింది. అయినా నాకు అప్పుడు అర్థం కాలేదు. బలవంతం చేసి ఒక నిజం చెప్పించాను. ఆ రాత్రి ఇంట్లో ఆమె దానికి దెబ్బలు తింది. ఆ తప్పు నాది. అప్పటినుంచి భయం ఉందని తెలిస్తే ఇద్దరినీ ఎప్పుడూ కలిపి కూర్చోబెట్టను. సర్దుబాటుకు ఇద్దరూ నోరు విప్పగలగాలి. ఒకరు భయపడుతున్నప్పుడు రెండో మనిషి గెలవడమే జరుగుతుంది. ఎవరైనా కలిపి కూర్చోబెడతామంటే, ముందు నాతో ఒంటరిగా మాట్లాడండి అని అడుగు.

ఇక పరీక్షలు, నోట్‌బుక్కులు ఏమీ అక్కర్లేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. గొంతు మీద చెయ్యి వేశాడా, ఒక్కసారే అయినా, నవ్వుతూ అయినా, ఆ క్షణమే ఆ మనిషికి దూరం కావాలి. గొంతు నొక్కినప్పుడు పైకి గుర్తు పడకపోవచ్చు, కానీ గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఏం జరిగిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫోను పగలగొట్టడం, దారి కాసి నిలబడటం, చంపుతానని గానీ యాసిడ్ పోస్తానని గానీ అనడం కూడా ఇలాంటివే. అప్పుడు 112. తను చస్తానని బెదిరిస్తే మాత్రం నువ్వు ఒంటరిగా పరిగెత్తకు. వాళ్లింటివాళ్లకు ఫోన్ చేసి చెప్పు, అవసరమైతే 112కి చెప్పు. ఆ ప్రాణం నిజంగా ప్రమాదంలో ఉంటే కాపాడగలిగేది పక్కనున్నవాళ్లే.

ఇప్పుడు నీ సంగతి. మీవాడు రమకు కుదిరిన అబ్బాయిలాంటివాడని నేను ఇక్కడినుంచి చెప్పలేను, మొదట చెప్పిన అమ్మాయికి దొరికినట్టు మాట మీద నిలబడేవాడూ కావచ్చు. గుండె దడ ఎందుకో మాత్రం నీకే తెలియాలి. ఫోన్ ఎత్తేముందు బదులు మనసులో తయారు చేసుకుంటున్నావా? తప్పేమీ లేని మెసేజ్‌లు కూడా చెరిపేస్తున్నావా? ఆలస్యమైందని అమ్మతో ఒకటి, అతనితో ఒకటి చెబుతున్నావా? వీటిలో ఒకదానికి అవునన్నా, ఆ "కాదు" ఈ వారంలోనే చెప్పి చూడు. ల్యాబ్‌లో గ్లవ్స్ వేసుకుని శాంపిళ్లు చూసేటప్పుడు ఫొటో తీయడం కుదరదు, అది అబద్ధం కూడా కాదు. "డ్యూటీలో ఫొటోలు పంపలేను, అయిపోయాక నేనే చేస్తా" అని రాయి. దానికంటే ముందు, రూమ్మేట్లలో ఒకరికి, ఇంట్లో ఒకరికి ఈ సంగతి చెప్పిపెట్టు. మాఘానికి ఇంకా వ్యవధి ఉంది. మూడు వారాలు తేదీలు వేసి రాసి, అందులో ఉన్నది ఉన్నట్టు నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.